ఎక్సెల్ బాక్స్‌ప్లాట్‌లో ఒకే చుక్క, సెల్‌లో లెక్కిస్తే రెండు అవుట్‌లయర్లు: ఏది రాయాలి?

పర్లాకిమిడి_విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా బృందంలోని పన్నెండు మందికి ఇంటి నుంచి కళాశాలకు చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో సేకరించి, దానికి బాక్స్‌ప్లాట్ గీసి, ఐక్యూఆర్ నియమంతో అవుట్‌లయర్లను గుర్తించమని స్టాటిస్టిక్స్ హోంవర్క్ ఇచ్చారు. చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చిన మా సంఖ్యలు ఇవి.

10, 15, 18, 22, 25, 28, 30, 32, 35, 43, 64, 120

ఎక్సెల్ సెల్‌లో QUARTILE ఫంక్షన్ వాడితే మొదటి క్వార్టైల్ 21, మూడవ క్వార్టైల్ 37 వచ్చాయి. రెండింటి తేడా 16, దానికి ఒకటిన్నర రెట్లు 24, కాబట్టి పై హద్దు 37 + 24 = 61. ఈ లెక్కన 64, 120 రెండూ హద్దు దాటుతున్నాయి. కానీ అవే సంఖ్యలతో అదే ఎక్సెల్‌లో బాక్స్ చార్ట్ గీయిస్తే 120 దగ్గర మాత్రమే చుక్క పడింది, 64 వరకు మీసం గీత వెళ్లి ఆగింది. పెట్టె లోపల పై భాగంలో ఒక గుణకారం గుర్తు కూడా కనిపిస్తోంది, అదేమిటో తెలియలేదు. ఒకే సాఫ్ట్‌వేర్ రెండు జవాబులు ఎందుకు చెబుతోంది? నేను ఏది రాయాలి?

వంశధార_ఒడ్డు

గుణకారం గుర్తు సగటును చూపిస్తుంది, దాని గురించి కంగారు అక్కర్లేదు. మీ 442 నిమిషాల మొత్తాన్ని 12తో భాగిస్తే సుమారు 36.8 వస్తుంది, గుర్తు సరిగ్గా అక్కడే ఉండాలి. ఇక మీసం విషయానికి వస్తే, మీసం ఎక్కడ ఆగుతుందో అదే హద్దు. మీ చార్ట్‌లో మీసం 64 దగ్గర ఆగింది కాబట్టి ఎక్సెల్ లెక్కలో హద్దు 64, ఆ విద్యార్థి సరిగ్గా హద్దు మీదే ఉన్నారు కాబట్టి అవుట్‌లయర్ కారు. మీరు సెల్‌లో చేసిన లెక్కలో ఎక్కడో చిన్న తేడా వచ్చి ఉంటుంది. 120ని తీసేసి మళ్లీ గీస్తే బొమ్మ చక్కగా వస్తుంది, అదే సమర్పించండి.

గుణుపురం_లెక్కల_మాస్టారు

అమ్మా, మీ సెల్ లెక్కలో తప్పేమీ లేదు. చార్ట్‌లోనూ తప్పు లేదు. రెండూ క్వార్టైల్‌ను వేర్వేరు పద్ధతుల్లో కడుతున్నాయి, తేడా అంతా అక్కడి నుంచే పుడుతోంది.

ముందుగా మీసం సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ పొరపాటు బాక్స్‌ప్లాట్ చదివే చాలామందిలో ఉంటుంది. హద్దు అనేది బొమ్మలో గీయని గీత. పై హద్దు Q3 + 1.5 × IQR, కింది హద్దు Q1 − 1.5 × IQR, ఇవి మనం మనసులో గీసుకునే కంచెలు మాత్రమే. మీసం ఆ కంచె దాకా వెళ్లదు, కంచె లోపల ఉన్న సంఖ్యల్లో చిట్టచివరి దాని దగ్గర ఆగిపోతుంది. అందువల్ల మీసం చివర ఎప్పుడూ మీ పట్టికలో నిజంగా ఉన్న ఒక మనిషి ఉంటారు. మీ చార్ట్‌లో మీసం 64 దగ్గర ఆగిందంటే హద్దు 64 అని కాదు, హద్దు 64కి పైన, 120కి కింద ఎక్కడో ఉందని మాత్రమే దానర్థం. బొమ్మను చూసి అంతకంటే ఎక్కువ చెప్పలేము.

ఇక క్వార్టైల్. పన్నెండు సంఖ్యల్లో నాలుగో వంతు ఎక్కడ ముగుస్తుందంటే మూడో సంఖ్యకూ నాలుగో సంఖ్యకూ మధ్య, అంటే 18కీ 22కీ మధ్య ఎక్కడో. అలాగే పైవైపు తొమ్మిదో సంఖ్య 35కీ, పదో సంఖ్య 43కీ మధ్య. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. ఆ మధ్యలో సరిగ్గా ఎక్కడ అన్నదే తగవు.

మీ QUARTILE ఫంక్షన్, కొత్త పేరు QUARTILE.INC, మొదటి సంఖ్య నుంచి చివరి సంఖ్య వరకు ఉన్న పదకొండు ఖాళీలను నాలుగు భాగాలు చేస్తుంది. దాని ప్రకారం మొదటి క్వార్టైల్ 3.75వ స్థానంలో, అంటే 18 నుంచి 22 వైపు ముప్పావు దూరంలో ఉంటుంది, కాబట్టి 21. మూడవ క్వార్టైల్ 9.25వ స్థానంలో, 35 నుంచి 43 వైపు పావు దూరంలో ఉంటుంది, కాబట్టి 37. చార్ట్ మాత్రం మొదటి నుంచీ QUARTILE.EXC లెక్కను వాడుతుంది. అది పన్నెండుకు ఒకటి కలిపి పదమూడును నాలుగు భాగాలు చేస్తుంది, దాంతో స్థానాలు 3.25, 9.75 అవుతాయి, విలువలు 19, 41 అవుతాయి. ఇప్పుడు ఐక్యూఆర్ 22, ఒకటిన్నర రెట్లు 33, పై హద్దు 74. 64 లోపలే ఉంది, అందుకే చుక్క పడలేదు.

నమ్మకం కలగాలంటే చార్ట్‌లోని పెట్టె మీద కుడి క్లిక్ చేసి Format Data Series తెరవండి. అక్కడ Quartile Calculation కింద Exclusive median ఎంపికై ఉంటుంది. దాన్ని Inclusive median చేస్తే పెట్టె చిన్నదవుతుంది, మీసం 43 దగ్గర ఆగుతుంది, 64 దగ్గర రెండో చుక్క పడుతుంది.

పర్లాకిమిడి_విద్యార్థిని

మాస్టారూ, మీరు చెప్పినట్టే మార్చి చూశాను, రెండో చుక్క వచ్చింది. మీసం కూడా 43కి దిగింది. అయితే మా తరగతిలో చెప్పిన పద్ధతి ఈ రెండింటిలో ఏదీ కాదు. సంఖ్యలను సగానికి విడగొట్టి, కింది ఆరింటి మధ్యగతం మొదటి క్వార్టైల్ అనీ, పై ఆరింటి మధ్యగతం మూడవ క్వార్టైల్ అనీ చెప్పారు. అలా చేస్తే 18, 22ల సగటు 20, 35, 43ల సగటు 39 వస్తున్నాయి. తేడా 19, ఒకటిన్నర రెట్లు 28.5, పై హద్దు 67.5. 64 మళ్లీ లోపలికి వచ్చేసింది. మూడు పద్ధతులకు 61, 67.5, 74 అని మూడు హద్దులు వచ్చాయి.

రాయగడ_కోడర్

ఇదే తేడాను ఆర్ భాషలో ఒకే కిటికీలో చూడవచ్చు. ఆసక్తి ఉంటే నడిపి చూడండి.

```r
x <- c(10,15,18,22,25,28,30,32,35,43,64,120)
quantile(x, c(0.25, 0.75))   # 21, 37
fivenum(x)                   # 10 20 29 39 120
boxplot.stats(x)$out         # 120
```

quantile ఇచ్చేది ఎక్సెల్ సెల్ ఇచ్చిన జవాబే. కానీ boxplot గీసేటప్పుడు ఆర్ దాన్ని వాడదు, fivenum నుంచి వచ్చే 20, 39లను వాడుతుంది. అందువల్ల ఆర్‌లో క్వార్టైల్ అడిగి చేత్తో హద్దు కట్టిన వారికి రెండు అవుట్‌లయర్లు వస్తాయి, బొమ్మ చూసిన వారికి ఒకటే కనిపిస్తుంది. పైథాన్‌లో matplotlib బొమ్మ అయితే 21, 37 లెక్కతోనే వస్తుంది, అక్కడ 64 దగ్గర కూడా చుక్క పడుతుంది. వందల కొద్దీ సంఖ్యలుంటే ఈ పద్ధతుల మధ్య తేడా దాదాపు కనిపించదు, ఎందుకంటే పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం చాలా తక్కువగా ఉంటుంది. పన్నెండు సంఖ్యల్లో మాత్రం 35కీ 43కీ మధ్య ఎనిమిది నిమిషాల ఖాళీ ఉంది, క్వార్టైల్ ఆ ఖాళీలో ఎక్కడ కూర్చుంటుందన్న దాన్ని బట్టి జవాబు మారిపోతోంది.

బరంపురం_బట్టల_కొట్టు

ఈ చర్చ నాకు చాలా అవసరమైన సమయంలో కనబడింది. మాకు బరంపురంలో బట్టల కొట్టు ఉంది. ఏడాది రోజువారీ అమ్మకాలను మా అబ్బాయి ఇలాగే బాక్స్‌ప్లాట్ గీస్తే పై వైపు చాలా చుక్కలు పడ్డాయి, అవన్నీ దసరా, సంక్రాంతి ముందు రోజులూ, పెళ్లి ముహూర్తాల వారాలూనూ. కింది వైపు ఒక్క చుక్క కూడా పడలేదు, కొట్టు తెరిచి ఏమీ అమ్మని రోజులు కూడా పెట్టెకు దగ్గరగానే ఉన్నాయి. పై చుక్కలను తప్పుడు పద్దులనుకుని తీసేయాలా అని అబ్బాయి అడుగుతున్నాడు. అవి మాకు ఏడాది మొత్తాన్ని నిలబెట్టే రోజులండీ.

జయపురం_టీచరమ్మ

కొట్టు వారికి ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే వారి ప్రశ్నలోనే అమ్మాయి హోంవర్క్‌కు కావలసిన ఒక విషయం ఉంది. మీ పండుగ రోజులను తీసేయకండి. అమ్మకాలు సున్నా కంటే కిందికి పోలేవు, పైకి మాత్రం ఎంతైనా పోగలవు. ఇలా ఒకే వైపు తోక సాగే సంఖ్యల్లో ఒకటిన్నర రెట్ల నియమం పై వైపు చాలా చుక్కలు వేస్తుంది, అది తప్పుల సూచన కాదు, మీ వ్యాపారం స్వభావమే అలాంటిది. పండుగ సీజన్ రోజులను ఒక పెట్టెగా, మామూలు రోజులను మరొక పెట్టెగా పక్కపక్కన గీయించండి, అప్పుడు మామూలు రోజుల్లో కూడా వింతగా ఉన్న రోజు ఏదైనా ఉంటే బయటపడుతుంది.

ఇప్పుడు అమ్మాయి హోంవర్క్‌లో కింది హద్దు చూడండి. తరగతి పద్ధతిలో 20 − 28.5 = −8.5. కళాశాలకు చేరడానికి మైనస్ ఎనిమిదిన్నర నిమిషాలు ఎవరికీ పట్టదు. అంటే ఈ పట్టికలో కింది వైపు ఎంత తప్పుడు సంఖ్య ఉన్నా ఈ నియమం పట్టుకోలేదు. ఎవరైనా ఒక్క నిమిషమే పడుతుందని రాసినా నియమం నోరెత్తదు. కాబట్టి కింది వైపు అవుట్‌లయర్లు లేవు అని రాసి ఊరుకోకుండా, 10 నిమిషాలు రాసినవారు నిజంగా కళాశాలకు దగ్గరలో ఉంటారా అని ఒకసారి అడగండి.

120 గురించి కూడా అదే చెబుతాను. మూడు పద్ధతుల్లోనూ అది హద్దు దాటుతోంది, కాబట్టి దాన్ని తీసేసే ముందు అసలు కాగితం తెరిచి చూడండి. తీసేసి మళ్లీ గీయమని పైన ఇచ్చిన సలహాను నేను ఒప్పుకోను.

పర్లాకిమిడి_విద్యార్థిని

టీచర్ గారూ, కాగితం తెచ్చి చూశాను. ఆ వరుసలో 1.20 అని రాసి ఉంది. ఆ అమ్మాయిది ఆర్. ఉదయగిరి వైపు కొండ ఊరు, అడిగితే గంటా ఇరవై నిమిషాలు పడుతుందని చెప్పింది. పట్టికలోకి ఎక్కించేటప్పుడు చుక్క పోయి 120 అయింది. నిజానికి అది 80 నిమిషాలు. 64 మాత్రం సరైనదే, అతను కాశీనగర్ వైపు నుంచి వస్తాడు, ఇంటి నుంచి నడక, ఎదురుచూపు, ప్రయాణం అన్నీ కలిపి చెప్పాడు. 10 రాసిన అమ్మాయి కళాశాల వెనక వీధిలోనే ఉంటుంది. ఇప్పుడు 120 స్థానంలో 80 పెడితే క్వార్టైల్ అన్నీ మళ్లీ కట్టాలా?

గుణుపురం_లెక్కల_మాస్టారు

అవసరం లేదమ్మా, ఈ నియమంలోని బలం ఇక్కడే కనిపిస్తుంది. మీరు మార్చింది చిట్టచివరి సంఖ్యను, అది మారాక కూడా చిట్టచివరే ఉంది. మూడో, నాలుగో, తొమ్మిదో, పదో సంఖ్యలు కదలలేదు, అందువల్ల క్వార్టైల్, ఐక్యూఆర్, హద్దు ఏవీ కదలవు. మధ్యగతం కూడా 29 దగ్గరే ఉంటుంది. సగటు మాత్రం 36.8 నుంచి 33.5కి దిగుతుంది, మీ చార్ట్‌లోని గుణకారం గుర్తు కిందికి జరగడం మీరే చూస్తారు.

80 ఇప్పటికీ 61, 67.5, 74 మూడు హద్దులనూ దాటుతోంది. కాబట్టి అది తప్పు సంఖ్య కాకపోయినా అవుట్‌లయరే. అవుట్‌లయర్ అంటే మిగతా గుంపుకు దూరంగా ఉన్నదని మాత్రమే, అది తప్పో ఒప్పో నియమం చెప్పదు. 120 తప్పని తేల్చింది కాగితం, 80 ఒప్పని తేల్చింది ఆ అమ్మాయి మాట. దాన్ని పట్టికలో ఉంచి, బొమ్మలో చుక్కగా చూపించి, పక్కన కొండ దారి అని కారణం రాయండి.

వంశధార_ఒడ్డు

మీసం సంగతి అర్థమైంది మాస్టారూ. కానీ తీసేయడం గురించి నాకు ఇంకా సందేహం ఉంది. పన్నెండు మందిలో ఒక్కరు కొండ మీది నుంచి వస్తే మిగతా పదకొండు మంది కథ ఆ ఒక్కరి వల్ల చెడకూడదు కదా. 80ని తీసేసి, మిగిలిన పదకొండుతో శుభ్రమైన పెట్టె గీస్తే నష్టమేమిటి? అలాగే అసలు ఒకటిన్నర అనే సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది, రెండు ఎందుకు కాకూడదు?

గుణుపురం_లెక్కల_మాస్టారు

తీసేస్తే ఏమవుతుందో కట్టి చూద్దాం. మిగిలేవి పదకొండు, మధ్యగతం ఆరవది, 28. తరగతి పద్ధతిలో ఆ మధ్య సంఖ్యను పక్కన పెడితే కింది ఐదు 10, 15, 18, 22, 25, వాటి మధ్యది 18. పై ఐదు 30, 32, 35, 43, 64, వాటి మధ్యది 35. ఐక్యూఆర్ 17, ఒకటిన్నర రెట్లు 25.5, పై హద్దు 60.5. నిన్నటి దాకా లోపల ఉన్న 64 ఇప్పుడు బయట పడింది. ఎక్సెల్ రెండు పద్ధతుల్లో ఏది వాడినా కూడా అది బయటే ఉంటుంది. ఇక దాన్నీ తీసేస్తారా? కాశీనగర్ అబ్బాయి ప్రయాణంలో ఒక్క నిమిషం కూడా మారలేదు, పక్కవారిని తీసేయడం వల్ల అతను వింత మనిషి అయిపోయాడు. నియమాన్ని మొదటి పట్టిక మీద ఒకసారి వాడాలి. తీసి, మళ్లీ వాడి, మళ్లీ తీయడం మొదలుపెడితే దూరం నుంచి వచ్చే పిల్లలు ఒక్కొక్కరుగా లెక్కలోంచి జారిపోవచ్చు. మిగతా పదకొండు మంది కథ చెడకుండా ఉండాలన్న మీ కోరిక న్యాయమైనదే, దానికి సగటుకు బదులు మధ్యగతం చెప్పడం చాలు.

ఒకటిన్నర సంఖ్యను వాడుకలోకి తెచ్చింది అమెరికన్ గణాంకవేత్త జాన్ ట్యూకీ. గంట ఆకారంలో సమంగా పరుచుకున్న సంఖ్యలు లెక్కలేనన్ని ఉన్నాయనుకుంటే, ఈ హద్దుల బయట పడేవి వెయ్యికి ఏడు చొప్పున ఉంటాయి. రెండు రెట్లు పెడితే అంతకంటే చాలా అరుదైనవే పడతాయి, ఒక్క రెట్టు పెడితే మామూలువి కూడా గుంపుగా పడతాయి. అదొక వాడుకకు అనువైన మధ్య దారి, ప్రకృతి నియమం కాదు. ఇక మీ పట్టిక గంట ఆకారంలో లేదు, పై వైపు సాగి ఉంది, కాబట్టి వెయ్యికి ఏడు అన్న మాట దీనికి వర్తించదు.

జయపురం_టీచరమ్మ

తీసేయకూడదన్న దానిలో మాస్టారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. 64 విషయంలో మాత్రం నా మాట వేరు. హోంవర్క్ ఇచ్చినవారు ఒక పద్ధతి నేర్పారు కాబట్టి ఆ పద్ధతిలోనే చేసి, హద్దు 67.5, అవుట్‌లయర్ 80 ఒక్కటే, 64 కాదు అని రాయాలి. మూడు హద్దులు రాస్తే దిద్దేవారు ఏ జవాబుకు మార్కు వేయాలి? ప్లస్ టూ పిల్లల కాగితాల్లో ఒకరు ఎక్సెల్ జవాబు, మరొకరు చేతి జవాబు రాసి గందరగోళం చేయడం నేను చాలాసార్లు చూశాను.

గుణుపురం_లెక్కల_మాస్టారు

పరీక్షలో అయితే మీ మాటే సరి, టీచర్ గారూ. ఇది హోంవర్క్, పైగా బొమ్మ ఎక్సెల్‌తో గీయించారు. ఆ బొమ్మలో పెట్టె అంచులు 19, 41 దగ్గర ఉంటాయి, కాగితం మీది లెక్కలో 20, 39 అని ఉంటుంది. చూసేవారికి ఆ రెండూ పొసగవు. కనీసం ఒక వాక్యంలో పద్ధతి పేరు చెప్పి, 64 ఒక పద్ధతిలో బయట, రెండు పద్ధతుల్లో లోపల పడుతుందని రాయడం నిజాయితీ అని నా అభిప్రాయం.

రాయగడ_కోడర్

బొమ్మ, లెక్క పొసగాలంటే ఇంకో దారి ఉంది. ఎక్సెల్ చార్ట్‌లో ఉన్న రెండు ఎంపికల్లో ఏదీ ఈ సంఖ్యలకు 20, 39 ఇవ్వదు, కాబట్టి గ్రాఫ్ కాగితం మీద చేత్తో గీయడమే మేలు. పెట్టె 20 నుంచి 39, లోపల గీత 29 దగ్గర, కింది మీసం 10 వరకు, పై మీసం 64 వరకు, చుక్క 80 దగ్గర. పై మీసం 67.5 దాకా లాగకండి, అక్కడ ఎవరూ లేరు.

పర్లాకిమిడి_విద్యార్థిని

చేత్తోనే గీస్తాను. కింద 0 నుంచి 90 వరకు స్కేలు పెట్టాను, సరిపోతుంది. 120ని 80గా దిద్దిన సంగతి, దానికి కారణం పట్టిక కిందనే రాశాను. 64 గురించి ఒక వాక్యం రాయాలా వద్దా అన్నది మాత్రం రేపు తరగతిలో మా లెక్చరర్ గారిని అడిగి నిర్ణయించుకుంటాను, ఎందుకంటే మా తరగతిలో సగం మంది ఎక్సెల్ బొమ్మే ఇవ్వబోతున్నారు.

బరంపురం_బట్టల_కొట్టు

టీచర్ గారూ, మీరు చెప్పినట్టు సీజన్ రోజులు, మామూలు రోజులు అని రెండు పెట్టెలు గీయించాము. మామూలు రోజుల పెట్టెలో ఇప్పటికీ పైన మూడు చుక్కలున్నాయి. అందులో రెండు ఒక పాఠశాల యూనిఫాంల ఆర్డరువి. మూడవది ఎందుకు వచ్చిందో మాకూ తెలియడం లేదు, ఆ రోజు బిల్లు పుస్తకం వెతుకుతున్నాము.